ఫోన్ పోర్టులో చార్జర్ పిన్ విరిగి ఇరుక్కుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

కేబుల్ కొస విరిగి ఫోన్‌లోనే ఉండిపోయిందంటూ వచ్చే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాను. ఇప్పుడు ఎక్కువమంది చేతుల్లో ఉన్నది టైప్-సి ఫోన్ కనుక ఇక్కడి మాటలు ప్రధానంగా దాని గురించే. పాత మైక్రో యూఎస్‌బీ, ఐఫోన్ లైట్నింగ్, ల్యాప్‌టాప్ పెద్ద పోర్టుల గురించి చివర్లో విడిగా ఉంది. మీ ఫోన్ పరిస్థితికి తగిన ప్రశ్న ఒక్కటి చదివినా సరిపోతుంది.

## విరిగిన వెంటనే

పిన్ విరిగి లోపలే ఉండిపోయింది. మొట్టమొదట ఏం చేయాలి?

గోడ సాకెట్‌లోంచి చార్జర్ తీసేయండి. ఫోన్ సంగతి ఆ తర్వాత. చేతిలో మిగిలిన కేబుల్ చివర తీగలు బయటపడి ఉంటాయి. ముఖ్యంగా ఒకవైపు పెద్ద యూఎస్‌బీ, ఇంకోవైపు టైప్-సి ఉన్న కేబుళ్లలో ఫోన్ తగిలించి ఉన్నా లేకున్నా 5 వోల్టులు వస్తూనే ఉంటాయి. అవి మనిషికి షాక్ కొట్టేంత కాదు గానీ, తీగలు ఒకదానికొకటి తగిలితే వేడెక్కుతాయి, చార్జర్ కూడా పోవచ్చు. ఆ తర్వాత ఫోన్ ఆఫ్ చేసి పక్కన పెట్టండి. ఇంకో కేబుల్ పెట్టి చూద్దామనే ఆలోచన మాత్రం వద్దు. అది విరిగిన ముక్కను మరింత లోపలికి దూర్చేస్తుంది.

కేబుల్ ఎలాగూ పాడైంది, పారేయొచ్చా?

ముక్క బయటికి వచ్చేదాకా దాచండి. లోపల ఏం మిగిలిందో అన్నిటికంటే బాగా చెప్పేది ఆ విరిగిన చివరే. మంచి టైప్-సి కేబుల్ ఒకటి పక్కన పెట్టి పోల్చండి. కేబుల్ వైపు ప్లాస్టిక్ పిడి మాత్రమే ఉండి, దాని నోట్లో చిన్న ఆకుపచ్చ బోర్డు ముక్కో తీగలో కనిపిస్తే పిన్ మొత్తం ఫోన్‌లో ఉన్నట్టు. లోపలి నల్లటి ప్లాస్టిక్ భాగం చేతిలోనే ఉండి, చుట్టూ రేకు లేకపోతే ఫోన్‌లో ఉన్నది ఖాళీ రేకు తొడుగే. రేకు చేతిలో ఉండి లోపల బోలుగా కనిపిస్తే ప్లాస్టిక్ భాగం ఫోన్‌లో చిక్కుకుంది. ఈ మూడింటినీ తీసే పద్ధతులు వేరు.

ఫోన్ మామూలుగానే పనిచేస్తోంది. తప్పకుండా ఆఫ్ చేయాలా?

చేయాలి. పోర్టు కరెంటును లోపలికి తీసుకోవడమే కాదు, బయటికి కూడా ఇస్తుంది. ఓటీజీ పెన్‌డ్రైవ్, అంటే నేరుగా ఫోన్‌కే తగిలించేది, పెడితే వెలిగేది ఆ కరెంటుతోనే. ఫోన్ ఆన్‌లో ఉన్నప్పుడు అది పోర్టులో కరెంటు దాటే లోహపు కాంటాక్టులు కొన్నిటిని గమనిస్తూ ఏదైనా తగిలించారా అని చూస్తూ ఉంటుంది. పాత మైక్రో యూఎస్‌బీలో అయితే నాలుగో కాంటాక్టు ఐదో కాంటాక్టుకి తగిలితే చాలు, ఓటీజీ పరికరం వచ్చిందనుకుని ఫోన్ 5 వోల్టులు వదులుతుంది. మీ సూది సరిగ్గా ఆ పనే చేయగలదు. ఆపై అదే సూది ఆ 5 వోల్టుల కాంటాక్టును పోర్టు రేకుకు ఆనిస్తే షార్ట్ అవుతుంది. ఆఫ్ చేసిన ఫోన్‌లో ఈ గోల ఉండదు.

ఆఫ్ చేస్తే లోపల కరెంటు పూర్తిగా ఆగిపోతుందా?

ఆగదు. బ్యాటరీ బోర్డుకు తగిలించే ఉంటుంది. కాకపోతే బ్యాటరీకి, పోర్టుకు మధ్య చార్జింగ్‌ను అదుపు చేసే చిప్ అడ్డుగా ఉంటుంది కనుక ఆఫ్‌లో ఉన్న ఫోన్ పోర్టు దగ్గర మామూలుగా వోల్టేజీ ఉండదు. అందుకే పోర్టు నోట్లో పని చేసుకోవచ్చు గానీ, ఆఫ్ చేశాం కదా అని వెనక మూత విప్పి బోర్డు మీద సూదులు ఆడించకూడదు. ఇంకో జాగ్రత్త, స్క్రీన్ నల్లబడితే ఆఫ్ అయినట్టు కాదు. ఇప్పటి చాలా ఫోన్లలో పవర్ బటన్ ఒక్కటే నొక్కిపడితే వేరే ఏదో తెరుచుకుంటుంది. పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి నొక్కి, మెనూలో ఆఫ్ ఎంచుకుని, పూర్తిగా ఆగాక మొదలుపెట్టండి.

చార్జింగ్ 12 శాతమే ఉంది. ముందు ఫోటోలు కాపీ చేసుకోవాలా, ముక్క తీయాలా?

ముందు కాపీ. ముక్క ఉన్నంతసేపూ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపే దారి మూసుకుపోయినట్టే కనుక వైఫై ద్వారా ముఖ్యమైనవి పంపేసుకుని ఆ తర్వాత ఆఫ్ చేయండి. వైర్‌లెస్ చార్జింగ్ ఉన్న ఫోన్ అయితే తొందరేమీ లేదు, పిన్ లోపల ఉన్నా చార్జింగ్ ప్యాడ్ మీద ఎక్కుతుంది. ఫోన్ వేడెక్కుతుంటే మాత్రం ఫోటోల గురించి ఆలోచించకుండా వెంటనే ఆఫ్ చేసేయండి.

## లోపల ఏముందో చూడటం

పోర్టు మధ్యలో సన్నటి నల్ల పలక కనిపిస్తోంది. అదేనా విరిగిన ముక్క?

కాదు, చాలావరకు కాదు. అది మీ ఫోన్‌దే. ఫోన్లు పాడయ్యేది ఎక్కువగా ఈ ఒక్క పొరపాటు దగ్గరే.

టైప్-సి పోర్టు మధ్యలో నాలుకలాగా ఒక పలక ఉంటుంది. మందం సుమారు 0.7 మి.మీ. పైన 12, కింద 12 కాంటాక్టులు దాని మీదే ఉంటాయి. కేబుల్ పిన్ బోలుగా ఉండి ఈ నాలుకను చుట్టూ కప్పుతుంది. చాలామంది దీన్ని విరిగిన పిన్ మధ్య భాగం అనుకుని ట్వీజర్‌తో పట్టి లాగుతారు. అది ఊడివస్తే పోర్టు మార్చడం తప్ప దారి లేదు.

ఇంట్లో ఉన్న ఇంకో టైప్-సి ఫోన్ తీసుకుని దాని పోర్టులోకి టార్చి వేసి ముందు చూడండి. మధ్యలో నాలుక, దాని చుట్టూ నాలుగువైపులా ఖాళీ, ఆ తర్వాత పోర్టు గోడ. ఇప్పుడు మీ ఫోన్ చూడండి. ఆ ఖాళీలో ఏది కొత్తగా కనిపిస్తే అదే తీయాల్సినది. నాలుక అసలు కనిపించకుండా నోరంతా పూడుకుపోయి ఉంటే పిన్ మొత్తం దాన్ని కప్పుకుని కూర్చుంది.

అంత చిన్న కంతలోకి కంటితో చూస్తే ఏమీ తెలియడం లేదు. ఎలా?

పోర్టు నోరు మొత్తం కలిపి సుమారు 8.3 మి.మీ. వెడల్పు, 2.6 మి.మీ. ఎత్తు. కంటితో తెలియకపోవడం మామూలే. ఇంకో ఫోన్ కెమెరాను రెండు రెట్లు జూమ్ చేసి కాస్త దూరం నుంచి ఫోటో తీసి, ఆ ఫోటోను పెద్దది చేసి చూడండి. మరీ దగ్గరగా పెడితే ఫోకస్ కాదు. టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి వేస్తే రేకు అంచులు తళుక్కున కనిపిస్తాయి, ప్లాస్టిక్ నల్లగానే ఉంటుంది. ఆ తేడాతోనే ఏది ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. పని మొదలుపెట్టే ముందు తీసిన ఫోటో ఉంచుకోండి, మధ్యమధ్యలో పోల్చుకోవడానికి పనికొస్తుంది.

## సామాను

ఏమేం కావాలి?

సన్నటి, గట్టి మొన ఉన్న స్టీల్ ట్వీజర్ ఒకటి. మొబైల్ రిపేరు వాళ్లు వాడే రకం, ఒకటి తిన్నగా ఉండేది, ఒకటి మొన వంగి ఉండేది దొరుకుతాయి. కనుబొమ్మలకు వాడేది మొన వెడల్పుగా ఉంటుంది కాబట్టి పనికిరాదు. ముళ్లు తీసే పాతకాలపు శ్రావణం మొన సన్నగా ఉంటే భేషుగ్గా పనిచేస్తుంది. బట్టలు కుట్టే సూదులు రెండు, వాటిలో ఒకటి కొక్కెంలా వంచుకోవడానికి. టార్చి. తెల్ల కాగితమో తెల్ల గుడ్డో పరుచుకుంటే రాలిన ముక్కలు కనిపిస్తాయి.

సూది మొన నుంచి 3 మి.మీ. దగ్గర గోళ్ల రంగుతో చిన్న గుర్తు పెట్టుకోండి. పోర్టు లోతు 6 మి.మీ. పైచిలుకు. మీకు దాని అడుగుదాకా వెళ్లే పని లేదు, గుర్తు దాటకుండా ఆగితే చాలు.

సూదిని కొక్కెంలా ఎలా వంచాలి? విరిగిపోతోంది.

సూదిని అలాగే వంచితే పుటుక్కున విరుగుతుంది. మొనను గ్యాస్ మంట మీద ఎర్రబడేదాకా కాల్చి, దానంతటదే చల్లారనివ్వండి. నీళ్లలో ముంచకూడదు, ముంచితే మళ్లీ పెళుసవుతుంది. చల్లారాక చివరి అర మిల్లీమీటరు లేదా అంతకంటే కాస్త ఎక్కువ భాగాన్ని ప్లయర్‌తో పట్టి వంచండి. రెండో చివరను ప్లయర్‌తోనో, పెన్సిల్‌కు టేపు చుట్టో పట్టుకోండి. వేళ్లతో పట్టుకుంటే జారుతుంది.

సిమ్ ట్రే తీసే పిన్, పిన్నీసు, ఇంజెక్షన్ సూది... వీటితో కాదా?

సిమ్ పిన్ మందం ఎక్కువ, మొన గుండ్రం, దేన్నీ పట్టుకోదు. నెట్టడానికి తప్ప లాగడానికి పనికిరాదు. పిన్నీసు ఫర్వాలేదు, పెద్ద సైజుది కాకుండా సన్నది చూసుకోండి. ఇన్సులిన్ సూది మరీ సన్నం, లాగేసరికి వంగిపోతుంది. ఒక్కోసారి మొన విరిగి అదీ లోపల పడుతుంది. టూత్‌పిక్ దుమ్ము తీయడానికే, పిన్ లాగడానికి కాదు.

## తీయడం

కొస అర మిల్లీమీటరు బయటికి కనిపిస్తోంది. ఎలా పట్టాలి?

ఫోన్ ఆఫ్‌లో ఉందని చూసుకుని, స్క్రీన్ పైకి ఉండేలా బల్ల మీద గుడ్డపై పెట్టండి. ట్వీజర్‌తో రేకును ఎడమ, కుడి అంచుల దగ్గర పట్టుకోండి. పైనా కిందా పట్టి నొక్కితే పలచటి రేకు లోపలికి అణిగి నాలుకను బిగిస్తుంది. పట్టు దొరికాక తిన్నగా మీ వైపు లాగండి. జారితే ట్వీజర్ మొనలు ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ పట్టండి, చేతి జిడ్డుతోనే సగం జారుడు.

ఎంత గట్టిగా లాగొచ్చు? విరుగుతుందేమోనని భయంగా ఉంది.

మంచి టైప్-సి పిన్‌ను పోర్టులోంచి బయటికి లాగడానికే 8 నుంచి 20 న్యూటన్ల బలం పట్టేలా ప్రమాణం ఉంది. అంటే ముప్పావు కిలో నుంచి రెండు కిలోల బరువు ఎత్తినంత. పిన్ లోపల అటూ ఇటూ రెండు చిన్న స్ప్రింగ్ కొక్కేలుండి నాలుక పక్కనున్న గాట్లలో పడతాయి. రోజూ పిన్ పెట్టినప్పుడు వినిపించే టిక్ శబ్దం వాటిదే. విరిగిన ముక్క కూడా అంతే బిగువుతో కూర్చుని ఉంటుంది కాబట్టి మొదటి లాగుడుకు రాలేదని కంగారు పడక్కర్లేదు. తిన్నగా లాగినంతవరకు పోర్టు ఈ బలానికి తట్టుకుంటుంది, రోజూ తట్టుకుంటున్నదే. తట్టుకోలేనిది పైకీ కిందికీ ఎత్తడం.

అటూ ఇటూ కదుపుతూ లాగితే త్వరగా వస్తుంది కదా?

ఎడమకు, కుడికి కొద్దిగా కదపొచ్చు. నాలుక ఆ దిశలో వెడల్పుగా ఉంటుంది కనుక ఓర్చుకుంటుంది. పైకీ కిందికీ కదపకూడదు, 0.7 మి.మీ. పలకను ఎత్తినట్టే అవుతుంది. గుండ్రంగా తిప్పడం అంతకంటే ప్రమాదం. రెంచీ పెట్టి నట్టు తిప్పే అలవాటున్న చేతులకు ఇది చెప్పడం కష్టం గానీ, చెప్పక తప్పదు.

ముక్క పోర్టు అంచుకు సమంగా లోపలే ఉంది. ట్వీజర్‌కు అందడం లేదు.

బయటినుంచి పట్టే ఆశ వదులుకోండి. ముక్కకు, పోర్టు గోడకు మధ్య ఒక్కోవైపు ఉండే ఖాళీ వెంట్రుక మందం కంటే పెద్దగా ఎక్కువేమీ కాదు. అందులోకి ఏ సూదీ దూరదు. బలవంతాన దూరిస్తే పోర్టు గోడే గీరుకుపోతుంది. పట్టు ఎప్పుడూ రేకు తొడుగు లోపలివైపు నుంచే.

విరిగిన చోట ముందు చిందరవందరగా ఉన్నవి తీసేయండి. తెగిన తీగలు, బోర్డు ముక్క, గట్టిపడిన జిగురు. అవి ట్వీజర్‌కు సులువుగానే వస్తాయి. తీసేశాక రేకు అంచు లోపలివైపు కొంచెం ఖాళీ కనిపిస్తుంది, ముఖ్యంగా ఎడమ, కుడి మూలల్లో. కొక్కెం సూదిని ఒక మూలలో రేకుకు ఆనించి 2 మి.మీ. లోపలికి పోనిచ్చి, కొక్కెం మొన బయటి గోడవైపు తిరిగేలా చేసి లాగండి. ఆ మూల కాస్త కదలగానే ఆపి రెండో మూల లాగండి. ఒకే మూల లాగుతూ పోతే ముక్క వంకరగా బిగుసుకుంటుంది.

సూది మధ్యలోకి పోనివ్వకండి. మధ్యలో ఉన్నది నాలుక.

లోపల ఖాళీ రేకు తొడుగు మాత్రమే ఉంది. కొక్కెం జారిపోతోంది.

ఇది తేలిక రకం. పట్టి ఉంచే స్ప్రింగ్ కొక్కేలు ప్లాస్టిక్ భాగంతో పాటు బయటికి వచ్చేశాయి కాబట్టి రేకును ఆపుతున్నది ఒరిపిడి ఒక్కటే. కొక్కెం అక్కర్లేదు. తిన్నటి సూదులు రెండు తీసుకుని ఒకటి ఎడమ చివర, ఒకటి కుడి చివర రేకు లోపలికి 3 మి.మీ. పోనివ్వండి. రెండింటినీ బయటివైపుకు, ఒకదానికొకటి దూరంగా నొక్కిపట్టి, అలాగే మీ వైపు లాగండి. రేకు గోడల్ని లోపలినుంచి అదిమి పట్టినట్టవుతుంది. ఫోన్ కదలకుండా ఇంకొకరు పట్టుకుంటే పని సులువు.

రేకు వచ్చేసింది, నాలుక మీద నల్ల ప్లాస్టిక్ ఉండిపోయింది. అది నాలుకా, ముక్కా?

మంచి ఫోన్‌తో పోల్చండి. మీ పోర్టులో మధ్య భాగం మందంగా ఉండి, బంగారు రంగు కాంటాక్టులు కనిపించకపోతే అది ముక్కే. రేకు పోయింది కనుక ఇప్పుడు చుట్టూ కాస్త జాగా దొరుకుతుంది. వంగిన మొన ట్వీజర్‌తో ఎడమ, కుడి పక్కల పట్టి తిన్నగా లాగండి. ఆ పక్కల్లోనే లోహపు కొక్కేలు ఉంటాయి కనుక పట్టు నిలుస్తుంది. అదే కాంటాక్టులు కనిపిస్తూ ఉంటే చేయి తీసేయండి, మీరు చూస్తున్నది ఫోన్ నాలుక.

ఒక ఫోన్‌కు నిజంగా ఎలా తీశారో వరసగా చెప్పగలరా?

మా పెద్దనాన్న ఫోన్‌ది చెబుతాను. చార్జింగ్ పెట్టి మంచం మీద వీడియో చూస్తుంటే జారి, కేబుల్ ఉన్నవైపే గచ్చు మీద పడింది. పిడి చేతికొచ్చింది, పిన్ అంచుకు సమంగా లోపల ఉండిపోయింది. "ఏరా, ఆ మధ్యలో ఉన్నది పట్టి లాగితే సరి కదా" అన్నాడాయన. ఫోటో తీసి పెద్దది చేసి చూపిస్తే, మధ్యలో కనిపిస్తున్నది ఆకుపచ్చ బోర్డు ముక్క, దాని మీద మూడు తెగిన తీగలు.

ఫోన్ ఆఫ్ చేశాం. ముందు తీగల్ని ట్వీజర్‌తో ఒక్కొక్కటే లాగేశాను. బోర్డు ముక్క సోల్డర్‌తో అంటుకుని ఉంది. ఎడమ కుడిగా కొద్దిగా ఆడించేసరికి ఊడింది. అప్పుడు కుడి మూలలో రేకు అంచు పక్కన చిన్న సందు బయటపడింది. కొక్కెం అక్కడ వేసి లాగితే రేకు అంచు కొంచెం వంగింది గానీ ముక్క కదల్లేదు. ఆ వంగిన అంచే తర్వాత పనికొచ్చింది. ఎడమ మూలలో కూడా అలాగే వంచాను. రెండు అంచులూ నోటి దగ్గరికి వచ్చేసరికి ట్వీజర్‌కు అందాయి. రెండుచోట్లా పట్టి తిన్నగా లాగగానే టిక్‌మని కొక్కేలు విడిచిన శబ్దం వచ్చి ముక్క కాగితం మీద పడింది. టార్చి వేసి చూస్తే నాలుక నిటారుగా, పైనా కిందా సమానంగా ఖాళీ. చివరికి దొరికింది మాత్రం వెంట్రుకంత మిగిలిన రాగి తీగ. అది పోర్టు అడుగున పడి ఉంది, చూడకుండా చార్జర్ పెట్టి ఉంటే షార్ట్ అయ్యేది.

ఫెవిక్విక్ రాసిన పుల్ల అంటించి లాగితే వస్తుందని వీడియోలో చూశాను. చేయొచ్చా?

టైప్-సిలో వద్దు. ఆ జిగురు నీళ్లలా పలచగా ఉండి సన్నటి సందుల్లోకి దానంతటదే పాకుతుంది. పిన్‌కు, నాలుకకు మధ్య చేరిందంటే రెండూ ఒకటైపోతాయి. ఆ తర్వాత పిన్‌తో పాటు నాలుక కూడా ఊడి వస్తుంది. కాంటాక్టుల మీద పొరలా అంటుకుంటే కరెంటు కూడా పోదు. దాన్ని కరిగించాలంటే వాడే అసిటోన్ ప్లాస్టిక్‌ను కూడా తినేయగలదు.

కొబ్బరినూనె, మెషిన్ ఆయిల్ వేస్తే జారుతుందా?

ఇరుక్కున్నది తుప్పు వల్ల కాదు, స్ప్రింగ్ కొక్కేల వల్ల. నూనెతో వాటి పట్టు పెద్దగా తగ్గదు, మీ ట్వీజర్ పట్టే జారుతుంది. ఆపైన నూనెకు దుమ్ము అంటుకుని కొన్నాళ్లకు పోర్టులో గడ్డ కడుతుంది.

సోల్డరింగ్ ఐరన్‌తో ముక్కకు తీగ అంటించి లాగితే?

చేయి తిరిగిన మెకానిక్కులు చేస్తారు. ఇంట్లో వద్దు. రేకుకు తగిలే వేడి క్షణాల్లో నాలుక ప్లాస్టిక్‌కు చేరుతుంది, అది మెత్తబడి వంగితే కాంటాక్టులు వరస తప్పుతాయి.

ఎక్కడ ఆగిపోవాలి?

నాలుక ఒకవైపుకు ఒరిగినట్టు కనిపిస్తే, బంగారు రంగు కాంటాక్టు ఒకటి లేచి నిలబడితే, లేదా లాగుతుంటే పోర్టే లోపల కదులుతున్నట్టు అనిపిస్తే ఆగండి. మూడోది ముఖ్యం. పోర్టు బోర్డు మీద సోల్డర్‌తో కూర్చుంటుంది. అది కదులుతోందంటే సోల్డర్ పగిలిందని. రేకు అంచు నలిగి ముద్దయిపోయి పట్టుకు చోటు లేకుండా పోయినా అంతే, ఇక మైక్రోస్కోపు ఉన్న చోటికి తీసుకెళ్లాలి.

## ముక్క వచ్చాక

వెంటనే ఫాస్ట్ చార్జర్ పెట్టొచ్చా?

ఆగండి. ముందు టార్చి వేసి లోపల రేకు తునకలు, తీగ పోగులు లేవని చూడండి. ఫోన్‌ను పోర్టు కిందికి ఉండేలా పట్టి అరచేతిలో నాలుగుసార్లు తట్టండి. నోటితో ఊదకండి, తడి చేరుతుంది. వచ్చిన ముక్కను పరిశీలించి ఏ అంచయినా తెగి లోపల ఉండిపోయిందేమో చూసుకోండి.

అన్నీ బాగున్నాయనుకున్నాక పాత 5 వోల్టుల మామూలు చార్జర్‌తో, మంచి కేబుల్‌తో పెట్టండి. ఓ ఐదు నిమిషాలు పోర్టు దగ్గర వేలు ఆనించి చూడండి. గోరువెచ్చన ఫర్వాలేదు, చురుక్కుమంటే తీసేయండి. కాలిన వాసన వచ్చినా అంతే. అది బాగుంటే కేబుల్ తిప్పి రెండోవైపు పెట్టి చూసి, ఆ తర్వాతే మీ పెద్ద చార్జర్.

కేబుల్ ఒకవైపు పెడితేనే చార్జింగ్ ఎక్కుతోంది, తిప్పితే ఎక్కట్లేదు.

నాలుకకు ఒకవైపు కాంటాక్టు దెబ్బతిన్నట్టో, దాని మీద ఏదో అడ్డం ఉన్నట్టో. ఫోన్ ఆఫ్ చేసి, మెత్తటి చిన్న బ్రష్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి నాలుక రెండువైపులా తుడిచి, బాగా ఆరాక చూడండి. మార్పు లేకపోతే కాంటాక్టు వంగిందనుకోవాలి. ఆ ఒకవైపుతో రోజులు నెట్టుకురావచ్చు గానీ, వంగిన కాంటాక్టు పక్కదానికి తగిలే ప్రమాదం ఉంది కనుక వాయిదా వేయకుండా పోర్టు మార్పించడం మేలు.

నీళ్లు తగలకపోయినా పోర్టులో తేమ ఉందని హెచ్చరిక వస్తోంది.

తేమను ఫోన్ కనిపెట్టేది కాంటాక్టుల మధ్య ఉండకూడని కరెంటు దారి ఉందా అని చూసే. రేకు తునకో, రాగి పోగో రెండు కాంటాక్టుల మధ్య పడినా దానికి తేమలాగే కనిపిస్తుంది. హెచ్చరికను మూసేసి చార్జింగ్ పెట్టకండి. ఫోన్ ఆఫ్ చేసి లోపల మళ్లీ వెతకండి. ఆల్కహాల్‌తో తుడిచి ఉంటే పూర్తిగా ఆరేదాకా ఆగండి.

కొత్త కేబుల్ వదులుగా ఉంది, టిక్ శబ్దం రావట్లేదు.

పిన్ చివరిదాకా వెళ్లడం లేదు. ఎక్కువసార్లు కారణం పోర్టు అడుగున గట్టిపడిన జేబు నూలు, దుమ్ము. విరిగిన పిన్‌ను మీరు అటూ ఇటూ కదిపినప్పుడు అది ఇంకా అణిగి ఉంటుంది. ఫోన్ ఆఫ్ చేసి చెక్క టూత్‌పిక్‌ను చాకుతో పలచగా చెక్కి, నాలుకకు తగలకుండా గోడవెంట పోనిచ్చి గీరండి. దుమ్మేమీ లేకపోయినా వదులుగానే ఉంటే నాలుక పక్కనున్న గాట్లు అరిగినట్టు.

## వేరే రకం పోర్టులు

పాత ఫోన్, మైక్రో యూఎస్‌బీ. ఇదే పద్ధతేనా?

తిన్నగా లాగడం అదే, బిగువు వచ్చే చోటు వేరు. మైక్రో పిన్‌కు ఒకవైపు మాత్రమే రెండు చిన్న కొక్కేలు పైకి లేచి ఉంటాయి, మంచి కేబుల్ చూస్తే తెలుస్తుంది. అవి పోర్టు రేకులోని కన్నాల్లో పడి పట్టుకుంటాయి. సూదితో ఆ వైపు నొక్కి కొక్కేలు అణిచాక లాగితే తేలిగ్గా వస్తుంది. దీని నాలుక టైప్-సి దానికంటే బలహీనం. ఫోన్ తప్పకుండా ఆఫ్‌లో ఉండాలి.

ఐఫోన్ లైట్నింగ్ పిన్ విరిగింది.

ఐఫోన్ 5 నుంచి 14 దాకా ఉన్నది ఈ రకం. 2023లో వచ్చిన 15 నుంచి టైప్-సి. లైట్నింగ్‌లో పోర్టు మధ్యలో నాలుక ఉండదు. విరిగిన కొసే పలకలా ఉండే గట్టి ముక్క. కాబట్టి మధ్యలో కనిపించేదే తీయాల్సినది. పోర్టులోని స్ప్రింగులు ఆ ముక్కకు రెండు పక్కలా ఉన్న గుంటల్లో పడి పట్టుకుంటాయి. ఫోన్ ఆఫ్ చేసి, విరిగిన ముఖం మీద ఎత్తుపల్లాలు ఉంటాయి కనుక అక్కడ కొక్కెం ఆనించి ఎడమ, కుడి మూలలు మార్చి మార్చి లాగండి. పైనా కిందా సూది దూర్చితే పోర్టు కాంటాక్టుల మీద పడుతుంది.

ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ విరిగి దాని కొస ఉండిపోయింది.

పెద్ద యూఎస్‌బీ కొస 12 మి.మీ. వెడల్పు కాబట్టి సన్నముక్కు ప్లయర్‌తోనే వస్తుంది. అసలు సంగతి కరెంటు. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఆఫ్ అయినా ఫోన్ చార్జింగ్ కోసం ఆ పోర్టులో 5 వోల్టులు ఇస్తూనే ఉంటాయి. చార్జర్ తీసేసి, షిఫ్ట్ బటన్ నొక్కిపట్టి షట్‌డౌన్ చేయండి. బ్యాటరీ ఊడదీయగలిగే పాత మోడల్ అయితే తీసేయండి. పవర్ బ్యాంకుకు ఆఫ్ అనేదే సరిగా ఉండదు కనుక దాని పోర్టులో లోహపు పనిముట్టు పెట్టకపోవడమే మంచిది.

## షాపుకు వెళితే

షాపులో ఏమని చెప్పాలి?

"చార్జింగ్ పిన్ పోయింది" అనకండి. షాపుల్లో పోర్టును కూడా పిన్ అనే అంటారు. మీరు అలా అంటే పోర్టు మార్చమన్నారనుకుని విప్పేస్తారు. "కేబుల్ ముక్క విరిగి పోర్టులో ఇరుక్కుంది, ముందు అది తీసి చూడండి, పోర్టు మార్చాల్సి వస్తే నాకు చెప్పి మార్చండి" అనండి. విరిగిన కేబుల్ వెంట తీసుకెళ్లండి. మీరు ఏమేం ప్రయత్నించారో, ముఖ్యంగా జిగురు వాడి ఉంటే అది, దాచకుండా చెప్పండి.

పోర్టు మార్చాలంటున్నారు. బోర్డంతా మారుస్తారా?

ఫోన్‌ను బట్టి ఉంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో చార్జింగ్ పోర్టు కింద విడిగా ఉండే చిన్న సబ్ బోర్డు మీద ఉంటుంది. పాతది తీసి కొత్తది తగిలిస్తారు, సోల్డరింగ్ అక్కర్లేదు. కొన్నిటిలో పోర్టు మెయిన్ బోర్డు మీదే ఉంటుంది, అప్పుడు వేడిగాలితో తీసి కొత్తది అతికించాలి. అది చేయి తిరిగినవాళ్ల పని. మీ మోడల్ ఏ రకమో, వేసే సబ్ బోర్డు ఫాస్ట్ చార్జింగ్‌కు పనిచేసేదేనా అని ముందే అడగండి. చవక సబ్ బోర్డులు కొన్ని చార్జింగ్ అయితే ఎక్కిస్తాయి గానీ నెమ్మదిగా. చాలా ఫోన్లలో మైకు కూడా ఆ బోర్డు మీదే ఉంటుంది కనుక ఫోన్ తీసుకునేటప్పుడు అక్కడే ఒక కాల్ చేసి మాట వినిపిస్తోందో లేదో చూసుకోండి. నీళ్లు చొరబడని ఫోన్ అయితే, విప్పాక మూత చుట్టూ కొత్త జిగురు పట్టీ వేస్తున్నారా అని కూడా అడగండి.